ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ నవ్వాలంటే

రేపు ప్రేయర్‌లో జోకు చెప్పే వంతు మీది. ముందు వరసల్లో ఒకటో తరగతి పిల్లలు, చివరి వరసల్లో పదో తరగతివాళ్లు, పక్కన ఉపాధ్యాయులు నిలబడి ఉంటారు. తరగతి గదిలో మీ స్నేహితులను పడీపడీ నవ్వించిన జోకే ఇక్కడ చప్పగా తేలిపోవచ్చు. అందుకు కారణం మీ గొంతూ కాదు, మీ భయమూ కాదు. చాలాసార్లు జోకును ఎంచుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది.

పిల్లల హాస్యం వయసుతో పాటు మారుతుంది. ఈ విషయాన్ని పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మెక్‌గీ 1979లో ఒక పుస్తకమే రాశారు. ఒకే మాటకు రెండు అర్థాలుండే జోకులు పిల్లలకు దాదాపు ఏడేళ్ల వయసు నుంచే అందుతాయని ఆయన చెప్పారు. అంతకంటే చిన్నవాళ్లకు నవ్వు తెప్పించేది కళ్లెదుట జరిగే తికమక. ఉదాహరణకు, "హోంవర్క్ ఎందుకు చేయలేదు?" అని టీచర్ అడిగితే "నేను ఉండేది హాస్టల్లో కదా మేడమ్!" అనే జోకు తీసుకోండి. 'హోమ్' అంటే ఇల్లు అని తట్టినవాళ్లకే అది నవ్వు తెప్పిస్తుంది. పెద్ద తరగతులు నవ్వుతుంటే చిన్నపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అలాగని చిన్నవాళ్ల కోసం కోతిలా గెంతి చూపిస్తే పెద్దవాళ్లు దిక్కులు చూస్తారు.

అందరికీ సరిపోయే జోకులో ఒక గుణం ఉంటుంది. అందులోని మనిషి చేస్తున్న పొరపాటో, వేస్తున్న ఎత్తో వినేవాడికి ఇట్టే కనిపిస్తుంది. దాన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. "ఓహో, నాకు తెలిసిపోయింది!" అన్న సంబరమే ఆ నవ్వు. ఈ సంబరం ఆరేళ్లవాడికీ పదిహేనేళ్లవాడికీ ఒకటే.

చాలామందికి తెలిసిన జోకు ఒకటి చూద్దాం.

చింటూ: "సార్, చేయని పనికి మీరు కోప్పడతారా?"
సార్: "ఛ ఛ! చేయని పనికి ఎందుకు కోప్పడతానురా?"
చింటూ: "హమ్మయ్య! సార్... నేను హోంవర్క్ చేయలేదు!"

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఒకటో తరగతి పిల్లాడికీ హోంవర్క్ అంటే తెలుసు, దాని భయమూ తెలుసు. పెద్దవాళ్లకు సార్ తన మాటకు తానే దొరికిపోవడం నచ్చుతుంది. కానీ ఈ చిన్న జోకు కూడా మూడు చోట్ల చెడిపోవచ్చు.

మొదటిది, 'చేయని పనికి' అనబోయి 'చేయని తప్పుకి' అనేయడం. ఆ ఒక్క మాట మారితే హోంవర్క్‌కూ ప్రశ్నకూ ముడి తెగిపోతుంది. అందుకే జోకు మొత్తం బట్టీ పట్టకపోయినా ముడి ఉన్న మాటను మాత్రం కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి.

రెండోది, గుట్టు ముందే విప్పేయడం. "హోంవర్క్ చేయకుండా బడికి వచ్చిన ఒక అబ్బాయి ఏమడిగాడంటే..." అని మొదలుపెడితే చివర్లో చెప్పడానికి ఏమీ మిగలదు. చివరిదాకా 'హోంవర్క్' అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు.

మూడోది మన వాక్యం తీరుతో వచ్చే చిక్కు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి "నేను హోంవర్క్ చేయలేదు అని చింటూ అన్నాడు" అనడం అలవాటు. అప్పుడు పిల్లలు 'చేయలేదు' దగ్గర నవ్వబోతారు, మీరింకా మాట్లాడుతూనే ఉంటారు. వాళ్లు ఆగిపోతారు. ఎవరు మాట్లాడుతున్నారో ముందే చెప్పేయండి. "అప్పుడు చింటూ ఏమన్నాడో తెలుసా?" అని ఒక్క క్షణం ఆగి, వాడి గొంతుతో ఆ మాట అనండి. నవ్వు పుట్టించే మాటే మీ ఆఖరి మాట కావాలి. ఆ తర్వాత నోరు కదపకూడదు.

సమయం కాస్త ఎక్కువ ఇస్తే పరమానందయ్య శిష్యుల్లాంటి అమాయకుల కథను ఆరుగురు కలిసి ఆడి చూపవచ్చు. ఏరు దాటి వచ్చిన ఐదుగురు వరసగా నిలబడతారు. ఒకడు ముందుకొచ్చి మిగతావాళ్లను వేలితో చూపిస్తూ లెక్కపెడతాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయ్యో! ఒకడు తక్కువయ్యాడురా!" ఇంకొకడు వచ్చి లెక్కపెట్టినా నాలుగే. ఈపాటికి ముందు వరసల పిల్లలు "నువ్వే! నిన్ను లెక్కపెట్టుకోలేదు!" అని అరవడం మొదలుపెడతారు. అరవనివ్వండి, వాళ్ల ఆనందం అదే. స్టేజీ మీదవాళ్లు మాత్రం ఆ మాట వినిపించనట్టే ఏడుపు మొహాలు పెట్టాలి. అటుగా వెళ్తున్న అమ్మాయి "అందరూ తలా ఒక పుస్తకం కింద పెట్టి, పుస్తకాలు లెక్కపెట్టండి" అంటుంది. ఐదు! అందరూ గంతులేస్తారు. అప్పుడు ఒకడు తల గోక్కుంటూ అడుగుతాడు: "అవునూ... తప్పిపోయినవాడు ఎప్పుడొచ్చాడురా?" లెక్క తప్పినప్పుడు చిన్నవాళ్లు ఎక్కువ నవ్వుతారు, ఈ చివరి ప్రశ్నకు పెద్దవాళ్లు ఎక్కువ నవ్వుతారు. ఒకే కథలో ఇద్దరికీ వాటా దొరికింది.

శుభ్రమైన జోకు అంటే బూతు లేనిది మాత్రమే కాదు. లావు, నలుపు, నత్తి, యాస, కులం, ఇంటి పేదరికం, తాగే నాన్న, మార్కులు తక్కువ వచ్చిన ఫలానా పిల్లాడు... వీటిలో ఏది తీసుకున్నా నాలుగు వందల మంది నవ్వుతుంటే ఒకరు తల దించుకుంటారు. టీవీలో విన్న భార్యాభర్తల జోకులూ ఇక్కడికి పనికిరావు. "ఇది చెబితే ఈ గ్రౌండులో ఎవరైనా తల దించుకుంటారా?" అని ముందే ప్రశ్నించుకోండి. అనుమానం వస్తే వదిలేయండి, ఇంకో జోకు దొరుకుతుంది. జోకులో పేరుగా కూడా మీ బడిలో ఎవరికీ లేని పేరే పెట్టండి.

జోకు పనిచేస్తుందో లేదో ముందురోజే తెలుసుకోవచ్చు. రెండో తరగతి చదివే పిల్లాడికీ, తొమ్మిదో తరగతి చదివే అక్కకూ విడివిడిగా చెప్పండి. నవ్వారా లేదా అన్నది సగం పరీక్షే, ఎందుకంటే మీ మీద అభిమానంతో నవ్వేవాళ్లూ ఉంటారు. చిన్నవాడిని అదే జోకు తిరిగి చెప్పమనండి. ముడి ఉన్న మాట తప్పకుండా చెప్పగలిగితే వాడికి అర్థమైనట్టే. మధ్యలో "అంటే ఏంటి?" అని అడిగాడంటే ఆ మాట మార్చాలి. పై జోకులో 'శిక్షిస్తారా' బదులు 'కోప్పడతారా' అని ఉన్నది అందుకే.

ఇక స్టేజీ ఎక్కాక పాటించాల్సినవి కొన్నే. మైకు నోటికి పిడికెడు దూరంలో ఉంచండి, మరీ దగ్గరైతే మాటలు బొంగురుగా వినిపిస్తాయి. ఒక నిమిషంలో రెండు జోకులు చాలు. పెద్ద గుంపులో నవ్వు అందరికీ ఒకేసారి రాదు. ఒక వైపు మొదలై పాకుతుంది, కాబట్టి అది పెరుగుతుండగా మాట్లాడకండి. తగ్గుముఖం పట్టాక రెండోది అందుకోండి. ఎవరూ నవ్వకపోతే జోకును వివరించకండి, నేరుగా తర్వాతి దానికి వెళ్లిపోండి. వార్తలు చదివిన తర్వాత జోకు చెబితే బాగుంటుంది. జాతీయ గీతానికి ఆనుకుని మాత్రం పెట్టవద్దు, కిసుక్కుమంటున్న పిల్లలు సావధాన్‌లో నిలబడలేరు.

దిగి వచ్చాక నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి: ఏ మాట దగ్గర నవ్వారు, ఏ వరసలు నవ్వలేదు. చిన్నవాళ్లు నవ్వకపోతే మాట కష్టమై ఉంటుంది. పెద్దవాళ్లు నవ్వకపోతే ముగింపు వాళ్లకు ముందే తెలిసిపోయి ఉంటుంది. ఎవరూ నవ్వకపోతే ఆఖరి మాట తర్వాత మీరింకేదో మాట్లాడారేమో చూసుకోండి. మళ్లీ మీ వంతు వచ్చేసరికి జోకులో ఏం సరిచేయాలో మీకే తెలుస్తుంది.