నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ కోరుతూ లేఖ

పై తరగతుల పిల్లలతో ఇంట్లో చదివించండి. విశాఖలో బీఫార్మసీ ముగించిన అమ్మాయి కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి రాస్తోందనుకుందాం.

ఫార్మసీ విభాగాధిపతి గారికి,

నమస్కారం. ఈ ఏడాది బీఫార్మసీ పూర్తిచేశాను. మీ విభాగంలో నాలుగు వారాలు, జీతం లేకుండా ఇంటర్న్‌గా పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేశాను, ఇంకా రాలేదు. అందుకే కౌంటర్‌లో మందులిచ్చే పని అడగడం లేదు. స్టాకు సరిచూడడం, గడువు దగ్గరపడినవాటిని ముందు వరుసలో పెట్టడం, ఇన్సులిన్ ఫ్రిజ్ 2–8 డిగ్రీల మధ్య ఉందో లేదో రెండుపూటలా రాసిపెట్టడం చేయగలను. మార్కుల జాబితా జతచేశాను. మీరు చెప్పిన రోజు వచ్చి కలుస్తాను.

ఇట్లు,
విధేయురాలు

రిజిస్ట్రేషన్ గురించిన వాక్యమే ఈ ఉత్తరానికి ప్రాణం. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ చూసి మందులిచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదే. ఆ మాట దాటేసి 'ఏ పనైనా చేస్తాను' అని రాస్తే, ఈమె తప్పు మందు ఇస్తే జవాబు ఎవరు చెప్పాలన్న సందేహం అధికారికి వస్తుంది.

ఫ్రిజ్ మాట కూడా ఊరికే రాసింది కాదు. ఇన్సులిన్ వేడికే కాదు, గడ్డకట్టినా పాడవుతుంది. కరిగాక చూస్తే మామూలుగానే కనిపించవచ్చు. చేతిరాత పట్టికే ఆధారం. 'కష్టపడే స్వభావం' అని రాసుకోవడం కన్నా ఇది నయం.

అభ్యాసం: రిజిస్ట్రేషన్ వచ్చేసిందనుకుని ఉత్తరం తిరగరాయించండి. ఏయే వాక్యాలు మారాలో పిల్లల్నే చెప్పమనండి.