అద్దెకిచ్చే ముందు అందరికీ ఒకే కొలత

ప్రశ్న: బళ్లారిలో మా పై వాటా అద్దె 9,000 రూపాయలు. తోరణగల్లు స్టీలు ప్లాంటు ఉద్యోగి ఒకరు, జీన్స్ కుట్టే టైలరు ఒకరు అడుగుతున్నారు. ఎవరికివ్వాలి?
– ఒక గృహిణి, బళ్లారి

జవాబు: ముందుగా 10 మార్కుల పట్టీ రాసుకోండమ్మా: ఆదాయానికి 4, పాత అద్దెల చరిత్రకు 4, పని ఇచ్చినవారి మాటకు 2. అద్దె ఆదాయంలో 30 శాతం లోపైతే 4, 40 లోపైతే 2, దాటితే సున్నా.

టైలరుది పీసు రేటు, నెలనెలా మారుతుంది. అందుకే ఇద్దరినీ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటే అడగండి. ఉద్యోగి చేతికి నెలకు 27,000 వస్తే అద్దె 33 శాతం, 2 మార్కులు. టైలరుకు ఆరు నెలల్లో 1,92,000 వస్తే సగటు 32,000. అద్దె 28 శాతం, 4 మార్కులు. జీతం స్లిప్ లేదని తగ్గించకండి.

ఇక పాత అద్దెల చరిత్ర. ఇప్పటి ఓనరు వారిని వదిలించుకోవాలని పొగడొచ్చు. అంతకుముందు ఓనరుకు ఫోన్ చేసి, ఇద్దరి గురించీ అవే ప్రశ్నలు వేయండి: అద్దె ఏ తేదీకి ఇచ్చేవారు? కరెంటు బిల్లు బాకీ పెట్టారా? ఇల్లు ఎలా అప్పగించారు? తొలిసారి అద్దెకొచ్చేవారికి సున్నా వేయకుండా, మిగతా 6లో వచ్చినవాటిని పదికి లెక్కగట్టండి.

ఎక్కువ మార్కులవారికే ఇవ్వండి. సమానమైతే ముందు అడిగినవారికి. కులం, భాష, ఊరు ఆ పట్టీలో ఉండకూడదు.