పక్షవాతం తర్వాత నీళ్లకే పొలమారుతోందా?

ఆలూరు నుంచి ఒకాయన అడిగారు: “మా నాయనకు 68 ఏళ్లు. నెల కింద పక్షవాతం వచ్చింది. సంగటి మింగుతాడు గానీ నీళ్లు తాగితే దగ్గు. ఎందుకు?”

మింగే క్షణంలో ఊపిరి దారి మూసుకోవాలి. పక్షవాతం వల్ల ఆ పని ఆలస్యమైతే, వేగంగా జారే నీళ్లు అంతకుముందే ఊపిరితిత్తుల వైపు దిగిపోతాయి. సంగటి ముద్ద నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కొంత వ్యవధి దొరుకుతుంది. అలాగని సంగటి నిరపాయం కాదు. జిగురు ముద్ద, బలం తగ్గిన బుగ్గలో మిగిలిపోయి పడుకున్నాక గొంతులోకి జారవచ్చు.

దగ్గు రాకపోయినా నమ్మకం లేదు. కొందరికి గొంతు స్పర్శ తగ్గి, నీళ్లు లోపలికి పోయినా దగ్గే రాదు. అందుకే గుటక వేశాక “ఆ” అనిపించాలి. గొంతు తడిగా, గరగరమంటే అనుమానించాల్సిందే.

నాయనను నిటారుగా కూర్చోబెట్టి, నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. మగతగా ఉంటే ఏదీ పెట్టకూడదు. తిన్నాక నోరు శుభ్రం చేసి, అరగంట కూర్చోనివ్వాలి. నీళ్లు చిక్కబరచడం, గడ్డం వంచి మింగించడం అందరికీ సరిపడవు. స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. దగ్గు సాగుతోంది కాబట్టి ఈ వారమే చూపించడం మంచిది.

జ్వరం, ఆయాసం వస్తే న్యుమోనియా కావచ్చు. అప్పుడు ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి.