జోనల్ మేనేజర్‌కు మెయిల్: సారీ ఎక్కడ, ఎన్నిసార్లు

పెదపారుపూడి అంటే బయటివాళ్లకు రామోజీరావు పుట్టిన ఊరు. నాకు మాత్రం మా పాత టీమ్‌లోని ఒక సేల్స్ ఆఫీసర్ ఊరు. ఇల్లు అక్కడ, టెరిటరీ గుడివాడ దాటాక నందివాడ, ముదినేపల్లి చెరువుల మీద. పని చేపల మేత అమ్మడం, అమ్మిన డబ్బు వసూలు చేయడం. పొద్దున్నే బైక్ తీస్తే గట్ల మీద తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. రైతు దగ్గర మాట తడుముకోడు. రేటు పడిపోయిన రోజున కూడా పెద్ద రైతును కూర్చోబెట్టి బాకీ మాట్లాడి రాగలడు. అదే మనిషి జోనల్ మేనేజర్‌కు నాలుగు లైన్ల మెయిల్ రాయాలంటే రెండు గంటలు కూర్చుంటాడు.

ఒక ఆగస్టు మొదటి వారంలో అతను పంపిన మెయిల్ ఇది. ఇంగ్లిష్‌లో రాసిందే, విషయం కోసం తెలుగులో పెడుతున్నాను.

"రెస్పెక్టెడ్ సర్, మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు సారీ. జూలై కలెక్షన్ కొంచెం తగ్గింది, ఎక్స్‌ట్రీమ్లీ సారీ సర్. నా వంతు ప్రయత్నం చేశాను కానీ రైతులు పట్టుబడి వాయిదా వేశారు. ఒక పార్టీకి లిమిట్ దాటి మేత వెళ్లింది, దానికి కూడా సారీ. జరిగినదానికి పూర్తి బాధ్యత నాదే. ఈ ఒక్కసారికి మన్నించండి. వచ్చే నెల తప్పకుండా సరిచేస్తాను. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్. సారీ వన్స్ అగైన్."

అవతలి నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి, అంతే: "హౌ మచ్? విచ్ పార్టీస్? వాట్ నీడ్‌ఫుల్?"

కుర్రాడు బెదిరిపోయాడు. సార్‌కు కోపం వచ్చిందని ఫోన్ చేశాడు. నాకైతే అందులో కోపం కనపడలేదు. నాలుగు సారీలు ఉన్న మెయిల్‌లో ఒక్క అంకె లేదు, ఒక్క తేదీ లేదు. అడగక ఆయన ఏం చేస్తాడు?

ఈ సారీలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పుకోవాలి, ఎందుకంటే మూలం తెలియకుండా కొట్టేస్తే ఇంకో రూపంలో తిరిగొస్తాయి. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. "చెప్పండి", "పంపండి" అన్నామంటే గౌరవం ఇచ్చేసినట్టే, ఇంకేమీ తగిలించక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆ "అండి" లేదు. "సెండ్" అని రాస్తే మనకు "పంపు" అన్నట్టు వినపడుతుంది. ఆ లోటు పూడ్చడానికి కైండ్లీ, హంబ్లీ, సారీ తెచ్చి పోస్తాం. దానికి తోడు మనలో చాలామంది ఇంగ్లిష్‌లో రాయడం నేర్చుకున్న మొదటి ఉత్తరం స్కూల్లో లీవ్ లెటర్. పైన రెస్పెక్టెడ్ సర్, కింద యువర్స్ ఒబీడియెంట్లీ, మధ్యలో జ్వరం. ఉద్యోగంలో పదేళ్లు గడిచినా అదే లెటర్ తిరగరాస్తుంటాం, జ్వరం చోట కలెక్షన్ పెడతాం.

అతిగా సారీ చెప్పడం వల్ల చిన్నబోతామన్నది అసలు నష్టం కాదు. తప్పు ఎంతో, ఎవరిదో కలిసిపోవడం అసలు నష్టం. ఆ నెల లెక్క చూడండి. టార్గెట్ 18 లక్షలు, వచ్చింది 13.6 లక్షలు, తేడా 4.4 లక్షలు. అందులో 3 లక్షలు నందివాడ రైతుది. శీలావతి రేటు తగ్గిందని ఆయన చెరువు పట్టకుండా ఆపాడు. దానికి మనవాడు చేసిన తప్పేమీ లేదు. మిగిలిన 1.4 లక్షలు ముదినేపల్లి పార్టీది. క్రెడిట్ లిమిట్ అయిపోయిన తర్వాత, పైవాళ్లను అడగకుండా, 4 టన్నుల మేత ఇతనే ఇప్పించాడు. అది తప్పే. కానీ "పూర్తి బాధ్యత నాదే" అని రాయడంతో 4.4 లక్షలూ అతని నెత్తిన పడ్డాయి. రేటు పడిపోవడానికి కూడా ఇతనే కారణమన్నట్టు తయారైంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. పదిహేనేళ్ల కిందట, పేరెందుకు గానీ, ఒక కంపెనీలో నేను కూడా స్టాక్ తేడా వచ్చినప్పుడు ఇదే వాక్యం రాశాను. తేడాలో సగం గోడౌన్ వాళ్ల లెక్క పొరపాటు. ఇన్సెంటివ్ కోసం కూర్చున్న రోజున నా మెయిల్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టారు. మర్యాదకు రాశానంటే ఎవరు వింటారు? మెయిల్ రికార్డు. మెమో వచ్చేలా ఉన్నా, రికవరీ మాట వినపడుతున్నా, మీరు చేసింది ఎంతో అంతే రాయండి. తగ్గించకండి, మర్యాద కోసం పెంచకండి.

మూడు ప్రశ్నల జవాబు చూశాక మనవాడు ఒక్కసారిగా అటు చివర నుంచి ఇటు చివరకు దూకాడు. రెండో డ్రాఫ్ట్ ఇలా వచ్చింది, అదృష్టం కొద్దీ పంపేముందు నాకు చూపించాడు:

"హాయ్ సర్, 4.4 షార్ట్. నందివాడ 3, ముదినేపల్లి 1.4. రేటు డౌన్ కదా, పట్టలేదు. సూన్ క్లియర్ అవుతుంది. ఏదైనా కావాలంటే పింగ్ చేయండి."

ఇది వాట్సాప్ గ్రూపు భాష. అంకెలు వచ్చాయి, సంతోషం. మిగతాది పోయింది. "సూన్" అంటే వారమా, రెండు నెలలా? "రేటు డౌన్ కదా" అంటే ఆయనకు ముందే తెలిసినట్టు. ఆయన కింద చాలా టెరిటరీలుంటాయి, మీ చెరువు సంగతి గుర్తుండదు. "కావాలంటే పింగ్ చేయండి" అంటే సమాచారం వెతుక్కునే పని ఆయన మీద పెట్టినట్టు, పైనుంచి కిందికి చెప్పినట్టు ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది, లిమిట్ దాటిన సంగతే మాయమైంది. మొదటి మెయిల్‌లో తప్పు సారీల కింద కప్పబడిపోయింది, రెండోదానిలో చనువు కింద. అకౌంట్స్ వాళ్ల స్టేట్‌మెంట్‌లో అది ఎలాగూ కనపడుతుంది. అప్పుడు దాచాడంటారు.

కాబట్టి టోన్ సరిచేయడమంటే "హాయ్" తీసేసి "డియర్" పెట్టడం కాదు. ముందు కాగితం మీద మూడు సంగతులు విడదీయమన్నాను: నా చేతిలో లేనిది ఏది, నేను చేసిన తప్పు ఏది, ఆయన నుంచి నాకు కావలసింది ఏది. ఆ పని అయ్యాక ప్రతి సారీ దగ్గర ఆగి, ఇది నా ఏ పనికి అని అడగమన్నాను. పని పేరు చెప్పగలిగితే సారీ ఉంటుంది, లేకపోతే పోతుంది. నాలుగిట్లో ఒకటే నిలబడింది. "కొంచెం తగ్గింది"లో కొంచెం పోయి అంకె వచ్చింది. "తప్పకుండా" పోయి తేదీ వచ్చింది. "నా వంతు ప్రయత్నం" పోయి, ఏ రోజు ఎవరిని కలిశాడో వచ్చింది. చివరికి వెళ్లిన మెయిల్ ఇది:

"సబ్జెక్ట్: జూలై కలెక్షన్ 4.4 లక్షలు తక్కువ, 8వ తేదీలోపు మీ నిర్ణయం కావాలి.

డియర్ సర్, జూలై టార్గెట్ 18 లక్షలకు 13.6 లక్షలు వచ్చింది. మిగిలిన 4.4 లక్షలు రెండు పార్టీల దగ్గర ఉంది.

నందివాడ పార్టీ, 3 లక్షలు. రేటు తగ్గడంతో పట్టుబడిని ఆగస్టు 20కి మార్చుకున్నారు. నిన్న చెరువు దగ్గర కలిశాను. పట్టుబడి అయిన మూడు రోజుల్లో చెల్లిస్తామన్నారు.

ముదినేపల్లి పార్టీ, 1.4 లక్షలు. లిమిట్ దాటాక మీ అనుమతి తీసుకోకుండా 4 టన్నులు ఇప్పించాను. అది నా తప్పు, సారీ. కొత్త లోడ్ ఆపేశాను.

నందివాడ పార్టీకి 20 దాకా మరో 2 టన్నులు అవసరం. ఇప్పుడు మేత ఆపితే చేప బరువు తగ్గి మన వసూలు కూడా ఇబ్బందిలో పడుతుంది. మీరు 8వ తేదీలోపు సరే అంటే లోడ్ పెట్టిస్తాను. అప్పటిదాకా పెట్టను."

అడగాల్సింది సబ్జెక్ట్‌లోనే ఉంది చూడండి. పెద్దవాళ్లు మెయిల్‌ను ఫోన్‌లో చూస్తారు, కారులోనో మీటింగ్ మధ్యలోనో. అక్కడ కనపడేది సబ్జెక్ట్, మొదటి లైన్. ఆ చోటును "మీ విలువైన సమయం"తో నింపేస్తే అదే సమయం వృథా చేసినట్టు. చివర "అప్పటిదాకా పెట్టను" అనడం మొండితనం కాదు. ఆయన జవాబివ్వడం మరిచిపోయినా ఏం జరుగుతుందో ఆయనకు తెలియాలి. ఈసారి జవాబు రాకుండానే లోడ్ పెడితే ముదినేపల్లి తప్పే మళ్లీ చేసినట్టవుతుంది.

పిలుపు విషయంలో పెద్ద శాస్త్రమేమీ లేదు. ఆయన మీకు రాసిన పాత మెయిల్ తీసి కింద సంతకం చూడండి. పొట్టి పేరుతో ముగిస్తే కాస్త చనువు చెల్లుతుంది, పూర్తి పేరు, హోదా ఉంటే "డియర్ సర్". మన కంపెనీల్లో పేరు పక్కన గారు అని పెట్టడం కూడా నడుస్తుంది, కాకపోతే సీసీలో ముంబై వాళ్లుంటే వద్దు. "సర్" మెయిల్ మొత్తంలో రెండుసార్లు దాటనివ్వకండి. "సారీ ఫర్ డిలే" బదులు "థాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్" రాయమని ఈ మధ్య అందరూ చెబుతున్నారు. తోటి ఉద్యోగితో అయితే బాగానే ఉంటుంది. పై అధికారి ఓపిక పట్టాడో లేదో మనకు తెలియకుండా ముందే థాంక్స్ చెబితే ఒళ్లు మండుతుంది. ఆలస్యం మీదే అయితే ఆ ఒక్క సారీ నేరుగా చెప్పేయండి.

ఇంకొకటి. డబ్బు తగ్గిందన్న కబురు ఆయన మొదట సీసీ ఉన్న మెయిల్‌లో చదవకూడదు. పదిమంది ముందు తెలిస్తే ఎంత మంచి టోన్ అయినా పనికిరాదు. ముందు ఫోన్, రెండు నిమిషాలు, తర్వాత మెయిల్. ఫోన్ ఎత్తకపోతే మెయిల్ ఆయనొక్కరికే పంపండి. రాత్రి పదకొండింటికి, మనసు బాగాలేనప్పుడు రాసింది డ్రాఫ్ట్‌లో ఉంచి పొద్దున టీ తాగాక చదవండి. రాత్రి రాసిన మెయిళ్లలోనే సారీలు ఎక్కువ, లేదా పౌరుషం ఎక్కువ.

మనవాడి మెయిల్‌కు మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. 2 టన్నులు ఓకే, ముదినేపల్లి డబ్బు వచ్చేదాకా అక్కడికి లోడ్ లేదు, 20న పట్టుబడి దగ్గర నువ్వుండు, అక్కడి నుంచి ఫోన్ చెయ్. మనవాడు వెంటనే ఇంకో మెయిల్ మొదలుపెట్టాడు, "థాంక్యూ సో మచ్ సర్, అండ్ సారీ వన్స్ అగైన్ ఫర్..." అంటూ. అది చెరిపించి "నోటెడ్ సర్, 20న పన్నెండులోపు ఫోన్ చేస్తాను" అని పంపించాను.