రోడ్డు మధ్య గీతలు: మీ వైపున్నదే లెక్క

రోడ్డు మధ్యలో తెగిన గీత ఉంటే, ఎదురుగా దారి ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని దాటి ఓవర్‌టేక్ చేయవచ్చు. తెగకుండా సాగే గీతను దాటకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఈ రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు. అప్పుడు మీకు దగ్గరగా ఉన్న గీతనే పాటించాలి. ఘాట్ రోడ్డు మలుపులోకి వెళ్తున్న లారీకి ఎదుటి బండి కనపడదు, కాబట్టి దాని వైపు నిండు గీత వేస్తారు. మలుపు దాటి బయటికొచ్చే బస్సుకు ముందు దారంతా కనిపిస్తుంది, దాని వైపు తెగిన గీత ఉంటుంది.

కూడలిలో పసుపు గళ్లున్న చోటు బాక్స్ జంక్షన్. పచ్చలైటు వెలిగినా, గళ్లకు అవతల మీ బండి పట్టేంత చోటు లేకపోతే స్టాప్ లైన్ దగ్గరే ఆగాలి. ఆ తెల్లని అడ్డగీత జీబ్రా క్రాసింగ్‌కు ముందే ఉంటుంది. మన దేశంలో ఈ గుర్తులకు ప్రమాణం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూపొందించిన ఐఆర్‌సీ 35.