శుభాకాంక్షలు రాసే ముందు

కల్వకుర్తి

బిడ్డా,

ఆఫీసు గ్రూపులో పెట్టబోయే మెసేజి నాకు చూపించి మంచి పని చేసినవు. మీ సెక్షన్ మేడం కాన్పయింది, రెండో పాప. అందరి తరఫున నాలుగు మాటలు రాసే పని నీ మీద పడ్డది. నువ్వు రాసింది మళ్ళొకసారి చదువుకో:

"కంగ్రాట్స్ మేడం! మీ ఇంటికి మళ్ళీ మహాలక్ష్మి వచ్చింది. వెంకన్న దయతో తల్లీబిడ్డా క్షేమం. నార్మలా, సిజేరియనా? పాప ఫోటో పెట్టండి, పార్టీ ఎప్పుడు? బాగా రెస్ట్ తీసుకొని తొందరగా డ్యూటీకి రండి, మీరు లేక సెక్షన్ అంతా ఆగమాగం."

ఇందులో చెడ్డ ఉద్దేశం ఒక్కటీ లేదు. అయినా నేనైతే దాదాపు అన్ని వాక్యాలూ మారుస్త. ఎందుకో చెప్త విను.

ముందు ఆ "మళ్ళీ" సంగతి. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుడితే మహాలక్ష్మి అంటరు, ఆ మాట ముద్దుగనే ఉంటది. రెండోసారీ ఆడపిల్లే అయినప్పుడు "మళ్ళీ మహాలక్ష్మి" అంటే అది ఓదార్పు లెక్క వినపడుతది. పుట్టింటి మంచం మీద పండుకున్న ఆమె ఆ మాట అప్పటికే నలుగురు చుట్టాల నోట విని ఉంటది. వాళ్ళు అనేటప్పుడు ముఖంలో నవ్వు ఎంత ఉన్నది, నిట్టూర్పు ఎంత ఉన్నది ఆమెకు తెలుసు. ఆఫీసు వాళ్ళు కూడా అదే మాట పంపితే ఇంక ఆమెకు మనసు నిమ్మలమయ్యే జాగ యాడున్నది? 2017లో కేసీఆర్ కిట్ పెట్టినప్పుడు సర్కారు దవాఖాన్ల కాన్పయితే మగపిల్లవానికి 12,000 రూపాయలు, ఆడపిల్లకు 13,000 అని పెట్టిన్రు. ఆ వెయ్యి ఎక్కువ ఎందుకు పెట్టవలసి వచ్చిందో అందరికీ తెలుసు. కాబట్టి "పాప పుట్టింది" అని రాయి. అంతే చాలు. దానికి ఏ తోకా తగిలించకు. కొడుకు పుట్టినా ఇదే లెక్క, "వారసుడు" అని రాయొద్దు. అదే గ్రూపులో ఇద్దరు ఆడపిల్లల తండ్రులు ఉంటరు, పిల్లల కోసం ఏండ్ల తరబడి దవాఖాన్ల చుట్టూ తిరుగుతున్న వాళ్ళూ ఉంటరు.

ఇగ దేవుని మాట. నాకు భక్తి లేదని కాదు. నీ సొంత ఫోను నుంచి ఆమెకు విడిగ పంపితే వెంకన్నను తలుచుకో, తప్పేం లేదు. గానీ ఇది "మేమంతా" అని పోయే మెసేజి. ఆ "మేమంతా"లో మీ రికార్డు అసిస్టెంటు భాయ్ ఉన్నడు, ఆదివారం చర్చికి పోయే టైపిస్టు ఉన్నది, ఏ గుడికీ పోని డ్రైవరన్న ఉన్నడు. వాళ్ళు అనని మాట వాళ్ళ నోట్లో పెట్టొద్దు. తొట్టెల ఎప్పుడు అని అడిగే అలవాటు కూడా ఇసొంటిదే. మన దిక్కు చాలా ఇండ్లల్ల ఇరవై ఒకటో రోజు తొట్టెల వేస్తరు. ముస్లింల ఇండ్లల్ల అఖీఖా చేస్తరు, ఎక్కువగా ఏడో రోజు. రేపు భాయ్ ఇంట్ల బిడ్డ పుట్టినప్పుడు పాత మెసేజినే కాపీ కొట్టి తొట్టెల అని పంపితే ఎట్లుంటది? వేడుక సంగతి వాళ్ళే చెప్తరు, అప్పటిదాకా ఆగాలె.

"తల్లీబిడ్డా క్షేమం" అన్నది నువ్వు తెలుసుకొని రాసినవా, అలవాటు కొద్దీ రాసినవా? గ్రూపులో పెట్టకముందు ఒక్కరే, అదీ ఆమెకు దగ్గరి వాళ్ళే, ఆమె భర్తకో తల్లికో ఫోన్ చెయ్యాలె. రెండే అడగాలె: ఇద్దరూ మంచిగున్నరా, ఈ సంగతి ఆఫీసులో చెప్పొచ్చునా. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను, నెలలు నిండక ముందే పుట్టిన వాళ్ళను కొన్నిసార్లు అద్దాల పెట్టెల పెడతరు. పసిరికలు ఎక్కువైతే నీలి లైటు కింద ఉంచుతరు. అసొంటి రోజున బెలూన్ల బొమ్మలతో మెసేజి పోతే ఆ తల్లికి చదవబుద్ధి కాదు. అప్పుడు "పాప పుట్టిందని తెలిసింది మేడం, మీ ఇద్దరి ఆరోగ్యం కోసం అందరం ఎదురుచూస్తున్నాం, ఏ అవసరమున్నా ఒక్క ఫోన్ చెయ్యండి" అని రాసి ఆపెయ్యి. సంబరం మాటలు పాపను ఇంటికి తెచ్చినంక చెప్పుకోవచ్చు.

నార్మలా, సిజేరియనా అన్న ప్రశ్న కొట్టెయ్యి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. అంటే ఆ ప్రశ్న వేసిన ప్రతిసారీ సగానికి పైగా ఆడవాళ్ళ కుట్ల సంగతి పదిమంది మగవాళ్ళ ముందు అడిగినట్టే. ఫోటో కూడా అడగొద్దు. వాళ్ళు పెడితే చూడు, పెట్టిన ఫోటోను ఇంకో గ్రూపుకు పంపకు.

ఆఖరు వాక్యం నువ్వు ప్రేమతోనే రాసినవు, కానీ నాకు అన్నింటికన్నా అదే ఎక్కువ గుచ్చుకున్నది. ఆమెకు 180 రోజుల ప్రసూతి సెలవు హక్కుగా ఉన్నది. ఇద్దరు పిల్లల వరకు ఆ హక్కు వర్తిస్తది. "తొందరగా రండి" అంటే ఆ సెలవును మనమేదో దయతో ఇచ్చినట్టు అయితది. "ఆగమాగం" అంటే తప్పు ఆమెది అన్నట్టు. కొందరు కొత్తగా తండ్రి అయిన మొగోళ్ళకు "పదిహేను రోజులు హాయిగా ఇంట్లుండు" అని రాస్తరు. పితృత్వ సెలవు 15 రోజులు రెగ్యులర్ ఉద్యోగుల సంగతి. మీ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునే ఔట్‌సోర్సింగ్ పిల్లవానికి అది చదివితే కడుపు మండుతది. సెలవు ఊసే ఎత్తొద్దు. పని సంగతి మాత్రం ఒక్క ముక్క రాయి, అదీ నిజంగా చేసేదే రాయి. ఆమె ఫైళ్ళు ఎవరు చూడాలో మీ సూపరింటెండెంటుతో ముందే మాట్లాడి ఖాయం చేసుకో.

నేనైతే ఇట్లా రాస్త:

"మేడం, మీకు పాప పుట్టిందని తెలిసి ఆఫీసులో అందరికీ చాలా సంతోషమైంది. మీకు, సార్‌కు, కొత్తగా అక్క అయిన మీ పెద్ద పాపకు మా అందరి శుభాకాంక్షలు. మీరు బాగా కోలుకోవాలని, పాప చల్లగా ఉండాలని కోరుకుంటున్నాం. మీ ఫైళ్ళు మేము చూసుకుంటున్నాం, వాటి గురించి ఆలోచించకండి. మీరు రమ్మన్నప్పుడు వచ్చి పాపను చూస్తాం. దీనికి జవాబు రాయనవసరం లేదు. – మీ ఆఫీసు మిత్రులు"

పెద్ద పాపను ఎందుకు కలిపిన్నో నీకు అర్థమయ్యే ఉంటది. తమ్ముడో చెల్లెలో పుట్టిన ఇంట్ల ఆ వారం రోజులు పెద్దపిల్లను పలకరించేటోళ్ళు ఉండరు. ఈ ఒక్క మాట తల్లి చదివి ఆ పిల్లకు చెప్తది. జవాబు అక్కర్లేదని రాసింది కూడా ఊరికే కాదు. రాత్రంతా నిద్ర లేని మనిషి ఇరవై మందికి పేరుపేరునా థాంక్స్ చెప్పుకుంట కూర్చోవద్దు.

కానుక కోసం చందా వేసుకుంటే ఆ లెక్క ఈ గ్రూపులో పెట్టకు. యాభై ఇచ్చినాయన పేరు, ఐదొందలు ఇచ్చినాయన పేరు ఒకదాని కింద ఒకటి కనపడితే కానుక విలువ పోతది. ఒకరి దగ్గర చీటీ ఉంటే చాలు.

ఈ రాత్రి పంపకు. రేపు పొద్దున పది దాటినంక, ఆమె తల్లితో మాట్లాడినంకనే పంపు.

మీ చిన్నాయన