కిక్‌ఆఫ్ మెయిల్: పని మొదలుకాకముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: 400 మంది పనిచేసే ఒక కర్మాగారంలో జీతాల లెక్కను ఎక్సెల్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కు మార్చే బాధ్యతను హెచ్‌ఆర్ విభాగానికి అప్పగించారు. అకౌంట్స్ విభాగానికి, సాఫ్ట్‌వేర్ సంస్థకు కూడా ఇందులో పని ఉంది. అందరికీ పంపే తొలి మెయిల్‌లో ఏముండాలి?

జవాబు: పని ఆరంభానికి ముందు లక్ష్యాన్ని, బాధ్యతలను, గడువులను, సంప్రదింపుల పద్ధతిని ఒకేచోట రాసి అందరి ఆమోదం కోరే లేఖను కిక్‌ఆఫ్ మెయిల్ అంటారు. ‘జీతాల విధానాన్ని ఆధునికీకరించడం’ అని లక్ష్యం రాస్తే అది నెరవేరిందో లేదో ఎవరూ తేల్చలేరు కనుక, ‘ఏప్రిల్ జీతాలను 400 మందికీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కించి, 30వ తేదీన బ్యాంకుకు పంపడం’ అని రాయడం మేలు. ఏప్రిల్ ఎందుకో కూడా చెప్పాలి: ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది గనుక జీతం నుంచి మినహాయించే ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, లెక్క అప్పుడు కొత్తగా ఆరంభమవుతుంది, ఏడాది నడుమ మారితే అప్పటివరకు ఇచ్చిన జీతాన్ని, మినహాయించిన పన్నును ప్రతి ఉద్యోగి పేరునా విడిగా ఎక్కించవలసి వస్తుంది. ఈ కారణం తెలిసినవారు గడువును తేలికగా జరపమని అడగరు. హాజరు యంత్రాల మార్పు ఈ విడతలో లేదనుకుంటే ఆ మాటా ఇక్కడే రాయాలి.

గడువులను మైలురాళ్లుగా రాయాలి. మైలురాయి అంటే చేయవలసిన పని కాదు, పని చేరుకోవలసిన స్థితి. ఒకే నెల జీతాలను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ లెక్కించి పోల్చడాన్ని ప్యారలల్ రన్ అంటారు. ‘ఫిబ్రవరి ప్యారలల్ రన్’ అని మాత్రమే రాస్తే అది ఎప్పుడు ముగిసినట్టో తెలియదు. ‘మార్చి 10 నాటికి, రెండు లెక్కలకూ తేడా వచ్చిన ప్రతి ఉద్యోగి విషయంలో కారణం రాసి, అకౌంట్స్ అధికారి ఆమోదించడం’ అన్నది తేల్చగల స్థితి. తేడా అసలు ఉండకూడదని రాయడం పొరపాటు, ఎందుకంటే తప్పు పాత ఎక్సెల్ సూత్రంలోనే ఉండవచ్చు. మార్చి జీతాలనూ ఇలాగే పోల్చాక, ఏప్రిల్‌కు కొత్త సాఫ్ట్‌వేర్‌ను వాడాలా, పాతదానితోనే గడపాలా అన్నది ఏ తేదీన, ఎవరు నిర్ణయిస్తారో రాయాలి.

ఇక బాధ్యతల విషయానికొస్తే, ‘హెచ్‌ఆర్, అకౌంట్స్ కలిసి చూస్తాయి’ అన్న వాక్యం దగ్గరే పనులు ఆగిపోతాయి. బ్యాంకు ఖాతా నంబర్లను ఎక్కించేవారు ఇద్దరు ముగ్గురు ఉండవచ్చు గానీ, అవి సరైనవని జవాబు చెప్పవలసినవారు ఒక్కరే ఉండాలి, వారి పేరే మెయిల్‌లో కనిపించాలి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపు ఉండగా సంప్రదింపుల పద్ధతిని మళ్లీ మెయిల్‌లో రాయాలా?

జవాబు: రాయాలి. రోజువారీ సందేహాలకు గ్రూపు చాలు. ఓవర్‌టైమ్‌ను ఏ సూత్రంతో లెక్కించాలి వంటి నిర్ణయాన్ని మాత్రం అదే రోజు మెయిల్‌లో నమోదు చేయాలి, లేకుంటే మార్చిలో తేడా వచ్చినప్పుడు ఆ మాట ఎవరన్నారో దొరకదు. జీతాల పట్టికలను గ్రూపులో పెట్టకూడదన్న నియమమూ ఇక్కడే ఉండాలి. బాధ్యత ఉన్నవారిని ‘టు’లో, తెలిస్తే చాలినవారిని ‘సీసీ’లో చేర్చి, ‘టు’లోని ప్రతి ఒక్కరూ తమ పేరుకు ఎదురుగా ఉన్న పనిని, తేదీని శుక్రవారంలోగా ధ్రువీకరించమని కోరాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకుండా, జవాబివ్వనివారికి, ముఖ్యంగా ఒకేసారి పలు సంస్థల పనులు చూసే సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రతినిధికి, ఫోన్ చేసి అడగాలి.